పైకెగిరే బంతి మీద ఏ బలం?

1982లో అచ్చయిన ఒక అధ్యయనం కోసం అమెరికాలోని మసాచుసెట్స్ విశ్వవిద్యాలయంలో జాన్ క్లెమెంట్ అనే పరిశోధకుడు ఇంజనీరింగ్ విద్యార్థులకు ఒక చిన్న ప్రశ్న ఇచ్చాడు. నాణేన్ని నిట్టనిలువుగా పైకి విసిరాం. అది చేతిని వదిలి సగం ఎత్తులో, ఇంకా పైకి పోతూ ఉంది. ఆ క్షణంలో దాని మీద పనిచేస్తున్న బలాలన్నిటినీ బాణం గుర్తులతో చూపించండి. గాలి నిరోధాన్ని వదిలేస్తే జవాబు ఒకే ఒక బాణం, కిందికి, గురుత్వాకర్షణ. విద్యార్థుల్లో అత్యధికులు మాత్రం పైకి ఇంకో బాణం గీశారు, అదీ పొడవైనది. దాని పక్కన ‘చేతి బలం’ అని రాశారు. యాంత్రికశాస్త్రం కోర్సు పూర్తి చేసినవాళ్లకు ఇదే ప్రశ్న ఇస్తే వాళ్లలోనూ ఎక్కువమంది అదే బాణం గీశారు.

మన తొమ్మిదో తరగతి గదిలో బంతి విసిరి అడిగినా ఈ బాణమే వస్తుంది. మంచి పాఠం చెప్పిన మర్నాడు అడిగినా వస్తుంది. అందుకే బలం, గమనం గురించి చెప్పబోయే ఉపాధ్యాయుడు పాఠంతోపాటు మరొకటి కూడా ముందుగా రాసి పెట్టుకోవాలి. ఏ ప్రశ్నకు పిల్లలు ఏ తప్పు జవాబు చెబుతారు? ఆ జవాబు వెనక వాళ్ల తర్కం ఏమిటి? దానికి ఎదురుగా వాళ్ల కళ్లకు ఏం చూపించాలి? ఇందులో మూడోదే కష్టం. ‘తప్పు, న్యూటన్ ఇలా చెప్పాడు’ అంటే పిల్లలు నోట్సులో న్యూటన్‌ను రాసుకుంటారు, మనసులో పాత బాణాన్ని అలాగే ఉంచుకుంటారు. వాళ్ల ఊహ ఒకటి చెప్పి, న్యూటన్ నియమం మరొకటి చెప్పే ఘట్టం ఎక్కడుందో వెతికి, దాన్నే ప్రయోగంగా పెట్టాలి.

ముందు బంతినే తీసుకుందాం. దీనికి వచ్చే తప్పు జవాబులు ఎన్నో ఉండవు. చెయ్యి ఇచ్చిన బలం బంతిలో ఉంటుంది, పైకి పోయేకొద్దీ తరుగుతుంది, పైన గురుత్వాకర్షణతో సమానమవుతుంది, ఆ తర్వాత గురుత్వాకర్షణ గెలుస్తుంది అనేది ఒకటి. శిఖరం దగ్గర బంతి ఆగింది కాబట్టి అక్కడ బలమే లేదు అనేది రెండోది. గురుత్వాకర్షణ దిగేటప్పుడే పనిచేస్తుంది అనేది మూడోది. చివరి రెంటికీ మాటలతోనే జవాబు చెప్పొచ్చు. శిఖరం దగ్గర వేగమూ లేక బలమూ లేకపోతే బంతి అక్కడే వేలాడుతూ ఉండాలి కదా, ఎందుకు దిగుతోంది? ఎక్కేటప్పుడు గురుత్వాకర్షణ లేకపోతే బంతి ఎందుకు మందగిస్తోంది? ఈ ప్రశ్నలు అడిగి కాసేపు ఊరుకుంటే తరగతిలో ఎవరో ఒకరు తమంతట తామే సర్దుకుంటారు.

మొదటి జవాబు అంత తేలిగ్గా వదలదు. సంభాషణ సాధారణంగా ఇలా నడుస్తుంది.

‘చేతి బలం ఇంకా ఉంది సార్, అందుకే పైకి పోతోంది.’

‘ఇప్పుడు ఆ బలం వేస్తున్నది ఎవరురా?’

‘చెయ్యి సార్.’

‘చెయ్యి బంతిని తాకుతోందా?’

‘లేదు సార్. కానీ ముందు ఇచ్చింది కదా, అది బంతిలో ఉంది.’

ఇక్కడ సారు వాదనలో గెలవలేడు. బంతిలో బలం దాగి ఉందని నమ్మేవాడికి ‘తాకడం లేదు’ అనేది అభ్యంతరమే కాదు. నిజానికి ఆ కుర్రవాడు మంచి సహవాసంలోనే ఉన్నాడు. విసిరినవాడు వస్తువులో ఏదో శక్తిని నాటి పంపుతాడని ఆరో శతాబ్దంలోనే అలెగ్జాండ్రియాలో ఫిలోపోనస్ వాదించాడు. పద్నాలుగో శతాబ్దంలో పారిస్‌లో బురిదాన్ దాన్ని ఒక సిద్ధాంతంగా తీర్చిదిద్దాడు. గెలీలియో సైతం 1590 ప్రాంతంలో పీసాలో పాఠాలు చెప్పే రోజుల్లో, తన జీవితకాలంలో అచ్చు వేయని ఒక రచనలో, పైకి విసిరిన వస్తువులోని బలం క్రమంగా తరిగి శిఖరం దగ్గర బరువుతో సమానమవుతుందనే రాశాడు. మన కుర్రవాడు చెప్పింది అక్షరాలా అదే. 1638లో అచ్చయిన ‘రెండు నూతన శాస్త్రాలు’ నాటికి గెలీలియో ఈ కారణాల చర్చను పక్కనబెట్టి, వేగం ఎలా మారుతోందో కొలవడానికి పూనుకున్నాడు. తరగతిలో మనం చేయవలసిందీ అదే.

కావలసినవి ఒక క్రికెట్ బంతి, ఒక గోడ, సుద్దముక్క, మామూలు స్మార్ట్‌ఫోన్. గోడ మీద పది సెంటీమీటర్లకు ఒకటి చొప్పున అడ్డగీతలు గీయాలి. గోడకు వీలైనంత దగ్గరగా నిలబడి బంతిని నిలువుగా, చేతి నుంచి ఒకటింబావు మీటరు ఎత్తు పోయేలా విసరాలి. ఫోను నాలుగు మీటర్ల దూరంలో, బంతి నడిచే ఎత్తుకు మధ్యలో, కదలకుండా బెంచీల మీద ఆనించి పెట్టాలి. ఫోను మరీ దగ్గరైతే చివర్లలోని గీతలు ఏటవాలుగా కనబడి కొలతలు తప్పుతాయి. ప్లాస్టిక్ బంతి, షటిల్ కాక్ వంటివి పనికిరావు. తేలికైనవాటి మీద గాలి నిరోధం లెక్కను పాడుచేస్తుంది. ఈ వేగంలో క్రికెట్ బంతి మీద గాలి నిరోధం దాని బరువుతో పోలిస్తే రెండు మూడు శాతానికి మించదు.

వీడియో సెకనుకు 30 ఫ్రేములైతే మూడు ఫ్రేములకు ఒకసారి ఆపి బంతి ఎత్తు రాసుకుంటే చాలు, పదో వంతు సెకనుకు ఒక కొలత వస్తుంది. బంతి చేతిని సెకనుకు 5 మీటర్ల వేగంతో వదిలిందనుకుందాం. గురుత్వ త్వరణాన్ని గుండుగుత్తగా 10గా తీసుకుంటే మొదటి పదో వంతు సెకనులో అది 45 సెంటీమీటర్లు ఎక్కుతుంది. తర్వాత 35, ఆపైన 25. ఇక్కడ వీడియో ఆపాలి. ఆపి, మిగిలిన అంకెలు ఎలా ఉంటాయో పిల్లల చేత కాగితం మీద రాయించాలి. ముఖ్యంగా శిఖరం దగ్గర ఏమవుతుందో రాయమనాలి. చూడకముందే ఊహను రాయించడం ఈ పాఠానికి ప్రాణం. రాయకపోతే, చూశాక ‘నేనూ అదే అనుకున్నా’ అంటారు, అంతటితో అయిపోతుంది.

రెండు బలాలు శిఖరం దగ్గర సమానమవుతాయని నమ్మినవాళ్లలో కొందరు అక్కడ వరసగా రెండు మూడు సున్నాలు రాస్తారు. బలాలు సరితూగితే బంతి కాస్తంతసేపైనా ఆగాలి కదా అని. అది చక్కటి తర్కం. అలా రాసినవాళ్లను మెచ్చుకోవాలి, ఎందుకంటే తమ ఊహను పరీక్షకు పెట్టింది వాళ్లే.

ఇప్పుడు వీడియో నడిపితే వచ్చేది 15, 5, ఆ వెంటనే కిందికి 5, తర్వాత 15, 25, 35, 45. వరస అంకెల మధ్య తేడా చూస్తే మొదట పది, తర్వాత పది, ఆ తర్వాతా పదే. పైకి 5 నుంచి కిందికి 5కి మారినప్పుడు కూడా మార్పు పదే. శిఖరం దగ్గర ప్రత్యేకంగా ఏమీ జరగలేదు. పైకి తోసే బలం కొద్దికొద్దిగా తరుగుతూ, గురుత్వాకర్షణ నెమ్మదిగా పైచేయి సాధిస్తూ ఉంటే ఈ తేడా మొదట్లో ఒకలా, చివర్లో మరొకలా ఉండాలి. ఎక్కేటప్పుడు, శిఖరాన, దిగేటప్పుడు తేడా మారలేదంటే పనిచేస్తున్న బలమూ మారలేదు. దాదాపు 160 గ్రాముల బంతి మీద అది మొదటి నుంచీ చివరిదాకా 1.6 న్యూటన్లు, కిందికి.

అసలు వీడియోలో అంకెలు ఇంత నున్నగా రావు. కదిలే బంతి ఫ్రేములో సాగినట్టు కనబడుతుంది, అంచు ఎక్కడుందో చెప్పడంలో ఒకటి రెండు సెంటీమీటర్ల తేడా వస్తుంది. కాబట్టి పది రావలసిన చోట ఒకసారి ఏడు, ఒకసారి పన్నెండు వస్తే కంగారు పడనక్కర్లేదు. నాలుగు జట్ల చేత విడివిడిగా కొలిపించి సగటు తీస్తే చాలావరకు సర్దుకుంటుంది. బంతి సరిగ్గా శిఖరాన ఉన్నప్పటి ఫ్రేము దొరక్కపోయినా ఫర్వాలేదు. అప్పుడు అంకెలు వేరుగా వస్తాయి కానీ వాటి మధ్య తేడా మాత్రం మారదు.

ఇంత చూశాక కూడా కుర్రవాడు ‘మరి పైకి పోయేటప్పుడు బంతిలో ఏదో తరుగుతోంది కదా సార్’ అంటాడు. అనాలి కూడా. అతను చెప్పేది నిజం. బోర్డు మీద రెండు వరసలు పక్కపక్కన రాయండి. ఒకదాంట్లో బంతి వేగం: 5, 4, 3, 2, 1, 0, ఆ తర్వాత కిందికి 1, 2, 3. రెండోదాంట్లో పదో వంతు సెకనుకు వేగంలో వచ్చిన మార్పు: అంతటా సెకనుకు ఒక మీటరు, కిందివైపు. చెయ్యి ఇచ్చినది, బంతిలో ఉన్నది, తరుగుతున్నది, శిఖరాన సున్నా అయ్యేది మొదటి వరసలో ఉంది. ఆ వేగాన్ని బంతి ద్రవ్యరాశితో గుణిస్తే వచ్చేదే ద్రవ్యవేగం. కుర్రవాడు ఇన్నాళ్లూ ‘చేతి బలం’ అన్నది దాన్నే. బలం మాత్రం రెండో వరసకు చెందినది. అతని పరిశీలనను కొట్టిపారేయకుండా సరైన గడిలో పెట్టాం. ఈ పని చేయని పాఠం సగంలోనే ఆగిపోతుందని నా నమ్మకం. ఎందుకంటే తను కళ్లారా చూసినదానికి చోటు దొరకకపోతే పిల్లవాడు దాన్ని మళ్లీ బలం గడిలోకే తీసుకుపోతాడు.

దీనికి అన్నదమ్ముల్లాంటి మరో ఊహ ఉంది. బంతి పైకి పోవడానికి బలం కావాలన్నవాళ్లే, కదిలేది ఆగిందంటే దాని బలం అయిపోయిందని అంటారు. దీనికి క్యారమ్స్ బోర్డు చాలు. వేలితో కొడితే ప్రతిసారీ ఒకే ఊపు రాదు కాబట్టి రెండు మేకుల మధ్య రబ్బరు బ్యాండు కట్టి, పెన్సిల్ గుర్తు దాకా లాగి స్ట్రైకర్‌ను వదలాలి. ఒకసారి దుప్పటి పరిచిన నేల మీద, ఒకసారి పౌడర్ లేని బోర్డు మీద, ఒకసారి పౌడర్ చల్లిన బోర్డు మీద. రబ్బరు ఇచ్చిన ఊపు మూడు చోట్లా ఒకటే. లోపల నింపిన బలం దానంతటది అయిపోయేదైతే స్ట్రైకర్ మూడు చోట్లా దాదాపు ఒకే దూరం పోవాలి. దుప్పటి మీద జానెడు పోయి ఆగుతుంది, పౌడర్ మీద అవతలి అంచుకు తగిలి వెనక్కి వస్తుంది.

అప్పుడు పిల్లలు చెప్పే మాటను కూడా ముందే ఊహించి పెట్టుకోవాలి. ‘గరుకు నేల మీద బలం తొందరగా అయిపోతుంది సార్’ అంటారు. దాన్ని తప్పు అనవద్దు. ఆపుతున్నది నేల అని వాళ్లే ఒప్పుకున్నారు. అక్కడినుంచి ఒక్క అడుగు మిగిలింది. నేల ఏమీ ఆపకపోతే? ఈ ప్రశ్నకు ‘ఎప్పటికీ పోతూనే ఉంటుంది’ అనే జవాబు పిల్లల నోటి నుంచే రావాలి. మనం తొందరపడి చెబితే అది మొదటి నియమం అనే మరో కంఠస్థ వాక్యంగా మిగులుతుంది.

బల్ల మీద పెట్టిన పుస్తకం సంగతి వేరు. ఇక్కడ తప్పు ఊహ గమనం గురించి కాదు, బలం ఎవరు వేయగలరు అన్నదాని గురించి. బల్ల ప్రాణం లేని వస్తువు, అది తోయడమేమిటి, పుస్తకం పడకుండా అడ్డుపడుతోంది అంతే, అంటారు పిల్లలు. క్లెమెంట్, జిమ్ మిన్‌స్ట్రెల్ అనే హైస్కూలు ఉపాధ్యాయుడు, ఇద్దరూ దీని మీద చాలా పనిచేశారు. వాళ్ల దారి మెట్లుమెట్లుగా సాగుతుంది. పుస్తకాన్ని అరచేతి మీద పెట్టుకుంటే చెయ్యి పైకి తోస్తోందని అందరూ ఒప్పుకుంటారు. స్ప్రింగు మీద పెడితే అది నొక్కుకుని తోస్తుంది. స్పాంజి మీద పెడితే అదీ అంతే. రెండు ఇటుకల మీద పరిచిన పలచటి చెక్క మీద పెడితే చెక్క వంగుతుంది. మరి బల్ల? బల్ల మీద చిన్న అద్దం పెట్టి, లేజర్ లైటు వెలుగు అద్దం మీద పడి ఎదుటి గోడకు చేరేలా అమర్చి, బల్లను చేత్తో గట్టిగా నొక్కితే గోడ మీద చుక్క కదులుతుంది. బల్లా వంగుతోంది, కంటికి అందనంత కొద్దిగా. లేజర్ ఎవరి కళ్లలోనూ పడకుండా చూసుకోవాలి.

ఇక్కడే పెద్దవాళ్లు కూడా చేసే పొరపాటు ఒకటుంది. పుస్తకం బరువు చర్య, బల్ల పైకి తోసేది ప్రతిచర్య అని చెప్పేస్తుంటారు. ఆ రెండూ పుస్తకం మీదే పనిచేసే బలాలు, కాబట్టి మూడో నియమం చెప్పే జంట కాలేవు. భూమి పుస్తకాన్ని లాగితే, దాని జంట పుస్తకం భూమిని లాగడం. బల్ల పుస్తకాన్ని తోస్తే, దాని జంట పుస్తకం బల్లను తోయడం. ‘ఎవరు, ఎవరి మీద’ అనే రెండు మాటలూ లేకుండా తరగతిలో ఏ బలాన్నీ బోర్డు మీద రాయకూడదని నియమం పెట్టుకుంటే ఈ గందరగోళం రాదు.

ఇక లారీ, ఆటో. ఎదురెదురుగా గుద్దుకుంటే ఏది దేని మీద ఎక్కువ బలం వేస్తుంది? మూడో నియమాన్ని తడుముకోకుండా అప్పజెప్పిన పిల్లలు కూడా లారీయే అంటారు. నుజ్జయింది ఆటో కదా మరి. కొందరు ఉపాధ్యాయులు ఇక్కడ రెండు స్ప్రింగు త్రాసులు కొక్కేలకు తగిలించి, ఒకటి బలమైన కుర్రవాడికి, ఒకటి బక్కవాడికి ఇచ్చి లాగమంటారు. రెండింటి మీదా ఒకే అంకె కనబడుతుంది. చేయదగిన ప్రయోగమే, కానీ దానితో ఆగితే చాలదు. లాగుడుకు ఒప్పుకున్న పిల్లలు గుద్దుకోవడానికి ఒప్పుకోరు. ఆటోకు ఎక్కువ దెబ్బ తగిలిందన్న నిజానికి ఆ త్రాసులు జవాబు చెప్పవు కాబట్టి.

జవాబు లెక్కలో ఉంది. లారీ 9000 కిలోలు, ఆటో 450 కిలోలు అనుకుందాం. ఇరవై రెట్ల తేడా. గుద్దుకున్న ఆ కొద్ది క్షణంలో రోడ్డు ఘర్షణ లెక్కలోకి రానంత చిన్నది. రెండింటి మీదా ఒకే బలం, ఒకే కాలం. కాబట్టి లారీ వేగం సెకనుకు ఒక మీటరు తగ్గితే ఆటో వేగం సెకనుకు 20 మీటర్లు మారాలి. మనం రోజూ వాడే కొలతలో చెప్పాలంటే లారీ డ్రైవరుకు గంటకు మూడున్నర కిలోమీటర్ల కుదుపు, ఆటోలో ఉన్నవాళ్లకు గంటకు 72 కిలోమీటర్ల కుదుపు. ఈ లెక్కను పిల్లల చేతే చేయిస్తే ‘ఆటోకే ఎక్కువ’ అన్న వాళ్ల మాట పూర్తిగా నిజమని తేలుతుంది. అయితే ఎక్కువైంది వేగంలోని మార్పు, బలం కాదు. బంతి దగ్గర ఏం జరిగిందో ఇక్కడా అదే జరిగింది. పిల్లలు సరిగ్గానే చూశారు, చూసినదాన్ని బలం గడిలో వేశారు.

ఇవన్నీ చేశాక ఊహ మారిందో లేదో తెలుసుకోవడానికి నియమాన్ని అప్పజెప్పమని అడిగితే ప్రయోజనం లేదు. 1992లో హెస్టెనెస్, వెల్స్, స్వాక్‌హామర్ అనే ముగ్గురు దీనికోసమే ఒక ప్రశ్నపత్రం తయారుచేశారు. ప్రపంచమంతటా వాడుతున్న దాని పేరు ఫోర్స్ కాన్సెప్ట్ ఇన్వెంటరీ. అందులో లెక్కలుండవు. ప్రతి ప్రశ్న కింద ఇచ్చిన తప్పు జవాబులు విద్యార్థులు నిజంగా నమ్మేవే. 1998లో రిచర్డ్ హేక్ ఆరు వేలకు పైగా విద్యార్థులు, 62 కోర్సుల వివరాలు కూర్చి చూపించాడు. ఉపన్యాసంతో సరిపెట్టిన కోర్సుల్లో, నేర్చుకోవడానికి మిగిలి ఉన్నదానిలో సగటున నాలుగో వంతు కంటే తక్కువే విద్యార్థులకు అందింది. ఊహ చెప్పించి, చర్చించి, చేయించి నడిపిన కోర్సుల్లో దాదాపు సగం అందింది. సగమే సుమా. అంటే మంచి పద్ధతిలో చెప్పినా ఈ ఊహల్లో చాలావరకు ఒక్కసారితో పోవు. అందుకని పాఠం అయిన వారం పదిరోజులకు కొత్త వేషంలో అదే ప్రశ్న అడగాలి. బంతి బదులు బావిలో పడేసిన రాయి, లేదా బౌలర్ చేతిని వదిలి పిచ్ మీద పడకముందు గాలిలో ఉన్న బంతి. పోతున్న దిక్కులోకి అదనంగా ఒక బాణం గీసినవాడు కనబడితే, అతనికి ఇంకా మొదటి వరస, రెండో వరస విడిపోలేదని అర్థం. మళ్లీ వీడియో దగ్గరికి తీసుకువెళ్లాలి.

ఉపాధ్యాయ మిత్రులకు నా మనవి ఒక్కటే. వీటన్నిటికీ ఒక్క నలభై అయిదు నిమిషాల పీరియడ్ చాలదు, ఇరికించవద్దు. బల్లనూ లారీనీ వచ్చే వారానికి వాయిదా వేయండి, క్యారమ్స్ బోర్డును మధ్యాహ్న భోజన విరామంలో చేయించండి. బంతి వీడియోకు మాత్రం పీరియడ్ మొత్తం ఇవ్వండి. ఊహ రాయించే పది నిమిషాలను దేనికోసమూ తగ్గించకండి.